రిజిస్టరులో పద్నాలుగు, గదిలో తొమ్మిది: పునరావాస కేంద్రంలో కిట్ల లెక్క ఎక్కడ తప్పుతుంది?

ప్రశ్న: మాది గౌతమి పాయ పక్కన లంక గ్రామం. నేను గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను. వరద వచ్చినప్పుడు హైస్కూల్లో పునరావాస కేంద్రం పెడితే, సరుకుల కిట్ల పంపిణీ రిజిస్టరు నాకు అప్పగించారు. పోయినసారి మూడు రోజులూ సాయంత్రానికి రిజిస్టరు చెప్పే నిల్వ ఒకటి, గదిలో కనిపించే కిట్లు ఇంకొకటి. ఎవరూ ఏమీ పట్టుకుపోలేదని నాకు తెలుసు. మరి తేడా ఎక్కడినుంచి వస్తోంది? ఎలా రాస్తే రాకుండా ఉంటుంది? అసలు పుస్తకం మానేసి ఎక్సెల్‌లోనే రాసుకుంటే సరిపోతుందా?

సమాధానం:

ముప్పై రెండేళ్లు రెవెన్యూ శాఖలో పనిచేసి దిగిపోయాను. ఆ ముప్పై రెండేళ్లలో మొదటి రోజు లెక్క సరిగ్గా సరిపోయిన పునరావాస కేంద్రాన్ని నేను చూడలేదు. సరిపోయిందని ఎవరైనా చెబితే, రాత్రి కూర్చుని సరిపోయేలా రాశారని అర్థం చేసుకునేవాణ్ణి. కాబట్టి తేడా వచ్చినందుకు మీరు సిగ్గుపడనక్కరలేదు. ఆ తేడాను అదే సాయంత్రం వెతికి పట్టుకున్నారా, లేక రేపు చూద్దామని పుస్తకం మూసేశారా అన్నదే నేను అడుగుతాను. రేపటికి మళ్లీ కొత్త కిట్లు వస్తాయి, చేతులు మారతాయి, నిన్నటి ఐదు ఎటు పోయాయో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

మాటలతో చెప్పేకంటే ఒక సాయంత్రం ఏం జరిగిందో చెబుతాను. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటిన వరద. మీ వంటిదే ఒక హైస్కూలు. ఆ ఏడాది ప్రభుత్వం కుటుంబానికి పాతిక కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు పామాయిల్, కిలో ఉల్లిపాయలు, కిలో బంగాళాదుంపలు ఇవ్వాలని చెప్పింది. బియ్యం విడిగా ఇచ్చాం. మిగిలిన నాలుగూ విడివిడిగా వస్తే తరగతి గదిలో కుర్రాళ్లను కూర్చోబెట్టి సంచుల్లో కట్టించాం. రెండో రోజు మధ్యాహ్నానికి కట్టినవి రెండు వందల కిట్లు. సాయంత్రం పంపిణీ ఆపేసరికి రిజిస్టరులో చివరి వరుస సంఖ్య 186. అంటే పద్నాలుగు మిగలాలి. గదిలో తొమ్మిదే ఉన్నాయి.

రిజిస్టరు రాస్తున్న అమ్మాయికి అది మొదటి ఉద్యోగం. ముఖం పాలిపోయింది. పక్కనున్న పెద్దమనిషి ఒకాయన “ఐదు పేర్లు రాసేయండమ్మా, రేపు ఎలాగూ ఎవరో ఒకరు వస్తారు” అన్నాడు. ఆ సలహా మీకూ ఎవరో ఒకరు ఇస్తారు. అది విన్నారంటే, రేపు నిజంగా ఆ పేరుగల మనిషి వచ్చి నిలబడినప్పుడు ఆయన అప్పటికే సరుకు తీసుకున్నట్టు మీ పుస్తకమే సాక్ష్యం చెబుతుంది. ఐదు కిట్ల తేడాకు సంజాయిషీ ఉంటుంది, దొంగ పేరుకు ఉండదు.

ఆ సాయంత్రం మేం వెతికిన వరుస ఇది. తక్కువ శ్రమతో తేలేదాన్ని ముందు చూసుకుంటూ పోయాం. మొదట కిట్లను ఇంకొకరి చేత మళ్లీ లెక్కపెట్టించాను. లెక్కపెట్టినవారే మళ్లీ పెడితే అదే తప్పు మళ్లీ చేస్తారు. పదేసి చొప్పున గోడకు పేర్చి లెక్కించినా తొమ్మిదే. తర్వాత రిజిస్టరు. చివరి సంఖ్య చూసి నమ్మకుండా, పెన్సిలుతో ఒక్కొక్క వరుస పక్కన చుక్క పెట్టుకుంటూ వరుసలు లెక్కించాం. 187 వచ్చాయి. వెనక్కి వెళ్లి చూస్తే 147 రెండుసార్లు ఉంది. ఒక పుట అడుగున ఒకటి, తర్వాతి పుట మొదట్లో ఒకటి. మొదటిదాని దస్తూరి గుండ్రంగా ఉంది, రెండోది వాలుగా ఉంది. భోజనానికి లేచినప్పుడు చేయి మారింది, పుట తిప్పిన కొత్త చేయి వెనకటి సంఖ్య సరిగ్గా చూడలేదు. కిట్లు ఇద్దరికీ అందాయి, సంతకాలు ఇద్దరివీ ఉన్నాయి. ఇప్పుడు మిగలాల్సినవి పదమూడు.

తర్వాత మనుషుల దగ్గరకు వెళ్లాం. ఉదయం నుంచి ఆ గదిలోకి ఎవరెవరు వచ్చి వెళ్లారో అడిగితే పడవ సంగతి బయటపడింది. లంకలో మేడమీద చిక్కుకున్న మూడు కుటుంబాలు దిగి రామన్నాయి. పదకొండు గంటల ప్రాంతంలో మర పడవ వెళుతుంటే మూడు కిట్లు అందులో పెట్టి పంపారు. పడవ మీద వెళ్లిన కుర్రాడు పేర్లు చీటీ మీద రాసుకుని, సంతకాలు కూడా పెట్టించుకుని, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ చొక్కా అప్పటికి తాడు మీద ఆరుతోంది. చీటీ తడిసినా చదవగలిగాం. ఇక పది.

ఆ చివరి ఒక్కటీ బల్ల కింద దొరికింది. కిట్టు సంచి ఉంది, అందులో నూనె ప్యాకెట్టు లేదు. మధ్యాహ్నం ఒక పెద్దావిడ తీసుకున్న సంచిలో ప్యాకెట్టు చిరిగి నూనె కారుతోందని తిరిగి వచ్చింది. విడి ప్యాకెట్లు పక్క గదిలో ఉన్నాయి కానీ తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్లాడు. బల్ల దగ్గరున్నవారు ఒక కొత్త కిట్టు విప్పి, అందులోని ప్యాకెట్టు ఆవిడకిచ్చి పంపించారు. మంచి పనే చేశారు. రాయలేదు, అంతే. 200 లోంచి 187, 3, 1 తీసేస్తే 9. గదిలో ఉన్నవి 9.

నలభై నిమిషాలు పట్టింది. ఆ మూడు కారణాలూ మీ దగ్గరా వేరే రూపంలో ఉంటాయి. ఒక్కొక్కదానికీ రిజిస్టరులోనే విరుగుడు ఉంది.

ముందుగా సంఖ్యల సంగతి. చాలామంది ఒకే వరుస సంఖ్యతో నెట్టుకొస్తారు. మీరు రెండు గళ్లు పెట్టండి. మొదటిది వరుస సంఖ్య, ఇది పుస్తకానికి చెందినది. రెండోది కుటుంబ సంఖ్య, ఇది మనుషులకు చెందినది. కేంద్రంలోకి అడుగుపెట్టిన రోజున పేర్లు నమోదు చేసుకునే పుస్తకంలో ఆ కుటుంబానికి ఏ సంఖ్య వేశారో, టోకెను మీదా అదే, పంపిణీ రిజిస్టరులోనూ అదే. కేంద్రం మూసే దాకా మారదు. ఉదయం పదికి భర్త వచ్చి తన పేరు మీద తీసుకుంటాడు, మూడింటికి భార్య వచ్చి ఇంటిపేరు లేకుండా తన పేరు చెబుతుంది. ఇద్దరిలో ఎవరికీ దురుద్దేశం ఉండదు, మనిషికొకటి ఇస్తున్నారేమోనని వస్తారు. పేర్లు చూస్తే పట్టుకోలేరు. కుటుంబ సంఖ్య గడిలో 64 రెండోసారి కనబడితే వెంటనే తెలుస్తుంది. పడవలో పంపిన మూడు కుటుంబాలు కేంద్రానికే రాలేదు కాబట్టి వాళ్లకు నమోదు సంఖ్య లేదు. అలాంటివారికి ఆ నమోదు పుస్తకంలోనే చివర కొన్ని పుటలు వదిలి, “బయట ఉన్నవారు” అని శీర్షిక పెట్టి సంఖ్య ఇవ్వండి.

ఇక కుటుంబం అంటే ఏమిటి? మీకు అసలైన తలనొప్పి ఇక్కడే ఉంది. ఒక బియ్యం కార్డు, అందులో తల్లిదండ్రులు, ఇద్దరు కొడుకులు, కోడళ్లు. ఇల్లు ఒకటే, పొయ్యిలు మూడు. కార్డు లెక్కన ఒక కిట్టు, పొయ్యి లెక్కన మూడు. ఏ లెక్కన ఇవ్వాలో పైనుంచి వచ్చిన ఉత్తర్వు చెబుతుంది, మీరు నేను తేల్చేది కాదు. ఉత్తర్వు కార్డు లెక్కన ఉంటే ఒకటే ఇవ్వండి, కానీ సభ్యుల సంఖ్య గడిలో 6 అని, వివరణ గడిలో “పొయ్యిలు 3” అని రాయండి. రేపు రెండో విడత పొయ్యి లెక్కన ఇమ్మంటే మళ్లీ ఇల్లిల్లూ తిరగనక్కరలేదు. మన దగ్గర ఇంకొక జనం ఉంటారు. రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్లు, ఇటుక బట్టీల్లో పనికి వేరే జిల్లాలనుంచి, వేరే రాష్ట్రాలనుంచి వచ్చినవాళ్లు. కార్డు ఇక్కడ ఉండదు. వీళ్లను పుస్తకంలో ఎక్కించకుండా దయతలచి ఒక కిట్టు చేతిలో పెట్టి పంపేస్తారు. సాయంత్రం తేడాలో కనబడేది ఆ దయే. వాళ్లకూ కుటుంబ సంఖ్య వేసి, కార్డు గడిలో “లేదు” అని రాసి, ఎవరి చెరువు దగ్గర పని చేస్తున్నారో రాసి ఇవ్వండి. ఇవ్వవచ్చా లేదా అన్న సందేహం ఉంటే ముందే ప్రత్యేకాధికారి చేత ఒక వాక్యం రాయించి సంతకం తీసుకోండి.

ఇక నూనె ప్యాకెట్టు విషయానికి వద్దాం. చాలా కేంద్రాల్లో లెక్క లోలోపల కుళ్లిపోయేది ఇక్కడే. సరుకు మీ దగ్గర రెండు రూపాల్లో ఉంటుంది. విడి సరుకుగా వస్తుంది, కిట్టుగా మారుతుంది, కిట్టుగా బయటకు వెళుతుంది. ఒకే నిల్వ పుటలో రెండూ రాస్తే తప్పక తప్పుతుంది. విడి సరుకుకు ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క పుట, కట్టిన కిట్లకు వేరే పుట ఉండాలి. కిట్లు కట్టిన క్షణంలో విడి సరుకు పుటలో ఖర్చు, కిట్ల పుటలో జమ. ఇచ్చిన క్షణంలో కిట్ల పుటలో మాత్రమే ఖర్చు. విడి సరుకు పుటను మళ్లీ ముట్టుకోకూడదు.

ఆ రోజు పామాయిల్ పుట ఎలా ఉండాలో చూపిస్తాను. చలానా ప్రకారం 21 పెట్టెలు, పెట్టెకు 10 ప్యాకెట్లు, మొత్తం 210. దించేటప్పుడు ఒక పెట్టె అడుగు తడిగా ఉంది, విప్పితే ఒక ప్యాకెట్టు పగిలి ఉంది. జమ 209 అని రాసి, చలానా మీద “ఒకటి పగిలినది, అందినవి 209” అని రాసి, లారీ డ్రైవరు చేత సంతకం పెట్టించాం. చలానాలో ఎంత ఉందో అంత జమ రాసుకోవడం బద్ధకం. ఆ ఒక్క ప్యాకెట్టు తర్వాత మీ మెడకు చుట్టుకుంటుంది. కిట్లలోకి వెళ్లినవి 200, విడిగా మిగిలినవి 9. పెద్దావిడ సంచిలో చిరిగినది ఒకటి. సాయంత్రం మొత్తం నూనె ఎక్కడుందో కూడండి: 190 కుటుంబాల చేతికి 190, చిరిగినది 1, మిగిలిన తొమ్మిది కిట్లలో 9, విడిగా 9. మొత్తం 209. మర్నాడు ఉదయం విడి నిల్వనుంచి ఒక ప్యాకెట్టు తీసి ఆ ఖాళీ కిట్టులో పెట్టాం. కిట్లు 10, విడి ప్యాకెట్లు 8 అయ్యాయి. ఆ మార్పిడి రెండు పుటల్లోనూ ఒక్కొక్క వరుస రాశాం.

రెండుసార్లు తీసేసే పొరపాటు ఎలా దాక్కుంటుందో గమనించండి. కట్టినప్పుడు 200 తీసి, ఇచ్చినప్పుడు మళ్లీ 190 తీస్తే నూనె నిల్వ సున్నా కిందికి పోతుంది, ఎవరికైనా కనబడుతుంది. అదే కొవ్వొత్తులో అగ్గిపెట్టెలో వెయ్యి వచ్చి ఉంటే, రెండుసార్లు తీసినా ఇంకా ఆరువందలు మిగిలినట్టే కనబడుతుంది. పుట నిండుగా, ముద్దుగా ఉంటుంది. గదిలో ఎనిమిదివందలు ఉంటాయి. ఎక్కువ ఉంది కదా అని ఎవరూ పట్టించుకోరు. అందుకే ప్రతి సాయంత్రం అన్ని వస్తువులూ లెక్కించే ఓపిక లేకపోయినా, కిట్లతోపాటు ఏదో ఒక విడి వస్తువును ఎంచుకుని చేతితో లెక్కపెట్టండి. రోజుకొకటి మార్చండి.

కిట్టులో ఉండే వస్తువులు మారిన రోజున కిట్టు పేరు కూడా మారాలి. బంగాళాదుంపలు రాలేదని వాటికి బదులు ఇంకో కిలో ఉల్లిపాయలు పెట్టారనుకోండి. అది పాత కిట్టు కాదు. “క-1”, “క-2” అని పేర్లు పెట్టుకుని, పుస్తకం మొదటి పుటలో ఏ కిట్టులో ఏమున్నాయో రాసి, పంపిణీ వరుసలో ఆ గుర్తు రాస్తే చాలు.

బియ్యంతో ఒక చిన్న చిక్కు ఉంది. పాతిక కిలోల బస్తాలే వస్తే గొడవ లేదు. యాభై కిలోలవి వచ్చి, ఇద్దరికి సగం సగం కాటా వేసి ఇచ్చినప్పుడు చూసుకోండి. ఖాళీ గోనె అర కిలోకు పైనే తూగుతుంది. గోనెతో కలిపి యాభై తూగిన బస్తాను యాభై అని జమ రాసుకుంటే, 190 కుటుంబాలకు తెగ్గొట్టే 95 బస్తాల్లో దగ్గర దగ్గర యాభై కిలోల బియ్యం ఉన్నట్టే రాసి ఉంటుంది, ఉండదు. అంటే చివర ఇద్దరికి లేవనాల్సి వస్తుంది. దించుకున్నప్పుడే నాలుగైదు బస్తాలు కాటా వేసి గోనె తీసేసి రాసుకోండి. ఉల్లిపాయలకూ తరుగు ఉంటుంది. మన వానాకాలపు చెమ్మలో మూడో రోజుకు బస్తా అడుగున చేయి పెడితే తెలుస్తుంది. కుళ్లినవి ఏ రోజుకా రోజు తూచి, ఇద్దరి సంతకాలతో పాడైనవాటి గడిలో రాయండి. చివరి రోజున ఒకేసారి “తరుగు 14 కిలోలు” అని రాస్తే నేనే నమ్మను.

ఇప్పుడు సంతకాలు. వస్తువు చేతికిచ్చిన తర్వాతే సంతకం. వినడానికి ఇంత సులువైన నియమం ఇంకొకటి లేదు, ఇంత ఎక్కువగా తప్పేదీ ఇంకొకటి లేదు. వరుస పొడవుగా ఉంటుంది, వాన వస్తుంది, “ముందు సంతకాలు పెట్టించేయండి, పని త్వరగా అవుతుంది” అని ఎవరో అంటారు. అదే కేంద్రంలో మూడో రోజు ఇదే జరిగింది. ఉదయం నిల్వ 10, కొత్తగా కట్టినవి 30, పంపిణీ వరుసలు 190 నుంచి 213 వరకు, అంటే 24. మిగలాల్సినవి 16. గదిలో 18.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తక్కువ రాలేదు కదా, ఎక్కువే ఉంది. నాకైతే నిన్న ఐదు తక్కువ వచ్చినప్పటికంటే ఎక్కువ భయం వేసింది. తక్కువ వస్తే సరుకు ఎవరికో అంది ఉండవచ్చు, రాయడం మరచి ఉండవచ్చు. ఎక్కువ వచ్చిందంటే సంతకం పెట్టి ఖాళీ చేతులతో వెళ్లినవారు ఉన్నారన్న మాట. కాగితం మీద వాళ్లకు అందింది, వాళ్లు మళ్లీ వచ్చి అడిగితే మనం పుస్తకం చూపించి పంపేస్తాం. వరుసలు ఒక్కొక్కటీ చదువుతూ కుటుంబ సంఖ్యలు పిలిపించాం. 205, 206 వరుసలవారు పలకలేదు. ఇద్దరూ అన్నదమ్ములు. గేదెలను ఏటిగట్టు మీద కట్టేసి వచ్చారట. సంతకం పెట్టి, వరుస కదలడం లేదని, మేత వేసి వద్దామని గట్టుకు వెళ్లారు. చీకటి పడ్డాక వచ్చారు. “మా సంతకాలు అయిపోయాయి కదండీ, మళ్లీ ఇస్తారా?” అని అడిగాడు చిన్నవాడు. ఇవ్వరేమోనని భయపడుతూ అడిగాడు. కిట్లిచ్చి, వివరణ గడిలో “రాత్రి 7.30కి అందినది” అని రాసి, మళ్లీ పొట్టి సంతకాలు తీసుకున్నాం. నిల్వ పదహారుకు వచ్చింది.

మన లంకల్లో జనం కేంద్రంలో రోజంతా కూర్చోరు. పగలు గట్టు మీద పశువుల దగ్గర, పడవ దొరికితే ఇంటి దగ్గర నీరెంత తగ్గిందో చూసుకోవడానికి వెళతారు. కాబట్టి పేర్లు ముందే రాసిపెట్టుకోవడం వరకు తప్పు లేదు, సంతకం గడి మాత్రం ఖాళీగా ఉంచండి. ఇచ్చే మనిషి, రాసే మనిషి ఒక్కరే కాకూడదు. ఇచ్చే మనిషి కుటుంబ సంఖ్య గట్టిగా చెప్పాలి, రాసే మనిషి అప్పుడు సంతకం పెట్టించాలి. వేలిముద్ర అయితే పక్కనే “ఫలానావారి ఎడమ బొటనవేలి ముద్ర” అని రాసి, చూసినవారి సంతకం ఉండాలి. కుటుంబ పెద్ద కాకుండా ఇంకెవరైనా తీసుకుంటే ఆ మనిషి పేరు, ఏమవుతారో రాయండి. “కోడలు” అన్న ఒక్క మాట తర్వాత పెద్ద తగాదాను ఆపుతుంది.

గుమ్మం సంగతి కూడా చెప్పాలి. పడవలో వెళ్లిన మూడు కిట్లలాగే, బల్ల దగ్గరినుంచి కాకుండా వేరే దారిన వెళ్లే సరుకు ఎప్పుడూ ఉంటుంది. మంచం మీదున్న ముసలివారికి, బాలింతకు, గట్టు మీదే ఉండిపోయినవారికి. దీనికి నేను వాడింది చీటీ పుస్తకం. సంఖ్యలు వేసిన చీటీలు, కార్బను కాగితంతో రెండేసి ప్రతులు. ఒకటి సరుకుతో వెళుతుంది, ఒకటి పుస్తకంలో ఉంటుంది. చీటీ లేకుండా గది గుమ్మం దాటకూడదు. సంతకాలతో తిరిగి వచ్చిన చీటీ చూసి రిజిస్టరులో వరుస ఎక్కించాలి, వివరణలో చీటీ సంఖ్య వేయాలి. సాయంత్రం లెక్కకు కూర్చునే ముందు తిరిగిరాని చీటీలు ఎన్నో చూస్తే మీ తేడాలో సగం అక్కడే తేలిపోతుంది.

దాతల లారీలు ఇంకొక గుమ్మం. పట్టణంనుంచి ఉత్సాహంగా వస్తారు, దుప్పట్లో రొట్టెలో గేటు దగ్గరే పంచేసి ఫొటోలు తీసుకుని వెళతారు. ఆపలేరు, ఆపనక్కరలేదు. కానీ వాటిని మీ నిల్వలో కలపకండి. వేరే పుటలో తేదీ, ఏ వస్తువు, సుమారు ఎన్ని, “దాతలు నేరుగా పంచినవి” అని రాయండి. వాళ్లు మీకు అప్పగించి వెళ్లినవి మాత్రం లెక్కించి జమలోకి తీసుకోండి.

పుస్తకం గురించి నాలుగు మాటలు. పుటలకు ముందే సంఖ్యలు వేసి, మొదటి పుటలో ఇన్ని పుటలున్నవని రాయించి అధికారి సంతకం తీసుకోండి. పుట చింపకండి, తెల్లరంగు పూయకండి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి, కింద అక్షరాలు కనబడేలా ఉంచి, పక్కన పొట్టి సంతకం పెట్టండి. ఆ రెండో 147ను మేం 147/1 అని దిద్దాం. తర్వాతి నలభై సంఖ్యలు మార్చలేదు, మార్చితే టోకెన్లూ చీటీలూ ఏవీ కలవవు. ప్రతి పుట అడుగున ఆ పుట మొత్తం, వెనకటి మొత్తం, కలిపిన మొత్తం రాయండి. చేయి మారినప్పుడల్లా అక్కడే గీత గీసి, లేచేవారూ కూర్చునేవారూ ఇద్దరూ సంతకం పెట్టాలి. కలం బాల్ పాయింటే. 1996 నవంబరు తుపాను తర్వాత నేను రాసిన మొదటి పంపిణీ రిజిస్టరు సిరా కలంతో రాశాను, అందమైన దస్తూరి అని మురిసిపోయి. రేకుల షెడ్డు కారి రాత్రికి రాత్రి ముప్పై పుటలు నీలి మేఘాలయ్యాయి. ఆ ముప్పై పుటల కోసం నాలుగు రోజులు ఊళ్లు తిరిగాను.

ఎక్సెల్ విషయం. పుస్తకం బదులు వద్దు, పుస్తకం తర్వాత మంచిదే. కరెంటు ఉండదు, ఫోను చార్జింగు ఉండదు, పైగా వేలిముద్ర ఎక్కడ వేయిస్తారు? రాత్రి వీలున్నప్పుడు పుస్తకం చూసి ఎక్కించండి. కుటుంబ సంఖ్య B నిలువు వరుసలో ఉంటే, రెండుసార్లు వచ్చినవాటిని ఇది పట్టిస్తుంది:

```
=COUNTIF($B$2:$B$400,B2)>1
```

రెండో అడ్డు వరుసలో ఒక ఖాళీ గడిలో రాసి కిందికి లాగితే, TRUE అని వచ్చిన చోట ఆ కుటుంబ సంఖ్య మళ్లీ వచ్చిందని అర్థం. అయితే రెండో విడత పంపిణీ వేరే షీటులో రాయాలి, లేకపోతే అందరూ TRUE అవుతారు. ఎక్కించేటప్పుడు పుస్తకంలో లేనిది ఒక్కటీ కొత్తగా రాయకండి. పుస్తకం పుటలను ప్రతి సాయంత్రం ఫోనులో ఫొటో తీసి పై అధికారికి పంపడం నాకు నచ్చిన అలవాటే, కానీ ఆధార్ సంఖ్య చివరి నాలుగు అంకెలు మాత్రమే రాసి ఉంటేనే. పన్నెండు అంకెలూ రాసిన పుట ఊరి వాట్సాప్ గ్రూపులో తిరగడం నేను చూశాను.

కేంద్రం మూసే రోజు మిగులు ఎక్కడికి వెళ్లిందో రాయకపోతే ఇంతదాకా రాసినదంతా సగంలో ఆగిపోయినట్టే. నాలుగో రోజుకు నీరు తగ్గి జనం ఇళ్లకు బయలుదేరారు. మా దగ్గర మిగిలినవి 16 కిట్లు, 8 నూనె ప్యాకెట్లు. పక్క మండలంలో ఇంకా నడుస్తున్న కేంద్రానికి ఆటోలో పంపాం. మా పుటలో “పంపినవి” గడిలో 16, 8 అని రాసి, చీటీ ఇచ్చి పంపితే, అక్కడివారు లెక్కపెట్టుకుని 16, 7 అని సంతకం చేశారు. ఆటోలో ఒక ప్యాకెట్టు చిరిగింది. ఆ అమ్మాయి ఈసారి ఎవరినీ అడగలేదు. 8ని ఒక్క గీతతో కొట్టి, “పంపి అందినవి 7, దారిలో చిరిగినది 1” అని రాసి, చీటీని ఆ పుటకే గుండుసూదితో గుచ్చింది.